మగ్గబెట్టే గదిలో గ్యాస్ కంటే ముందు థర్మామీటర్ పెట్టండి

పండ్ల మార్కెట్ కమిటీ పెద్దలకు, కమిషన్ ఏజెంట్ల సంఘం సభ్యులకు, మామిడి, అరటి మగ్గబెట్టి అమ్మే వ్యాపారులందరికీ నమస్కారం.

నేను మీ మార్కెట్‌కి దగ్గర్లోనే రైపెనింగ్ చాంబర్, అంటే కాయలు మగ్గబెట్టే చల్లటి గది నడుపుతున్నాను. నూజివీడు వైపు నుంచి వచ్చే బంగినపల్లి, రాయలసీమ నుంచి వచ్చే జీ9 అరటి ఎక్కువగా నా దగ్గరకు వస్తాయి. ఈ లేఖ పోటీ కోసమో ఫిర్యాదు కోసమో రాయడం లేదు. ఎండాకాలం వస్తే చాలు, "గ్యాస్ కాయలు తినొద్దు" అని జనం, "పౌడర్ సరిగా పనిచేయడం లేదు" అని వ్యాపారులు, "ఏ పొట్లం దొరికినా సీజ్ చేయండి" అని అధికారులు అంటున్నారు. ముగ్గురూ చూస్తున్నది గ్యాస్‌నే. నేను చూసినంతవరకు మన సరుకులో సగం పాడయ్యేది వేడి వల్ల. ఈ మాట మీ అందరికీ వివరంగా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి రెండు మాటల్లో చెప్పి ముగిస్తాను. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధం. దానికి తడి తగిలితే వచ్చేది ఎసిటిలిన్ గ్యాస్. మార్కెట్లో దొరికే కార్బైడ్ శుద్ధమైన సరుకు కాదు కాబట్టి, దాంతోపాటు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ సంబంధమైన విషపు ఆవిర్లు కూడా వస్తాయి. 2015లో ఈ విషయాన్ని అప్పటి ఉమ్మడి హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది. ఆ తరువాత 2016లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, కాయల్ని మగ్గించే ఇథిలిన్ గ్యాస్‌ని 100 పీపీఎం వరకు వాడొచ్చని అనుమతి ఇచ్చింది. అంటే 10 లక్షల పాళ్ల గాలిలో 100 పాళ్ల గ్యాస్. ఇథిలిన్ వదిలే ఇథెఫాన్ మందు ద్రావణంలో కాయల్ని ముంచడానికి గానీ, కాయల మీద చల్లడానికి గానీ అనుమతి లేదు. దాని నుంచి గ్యాస్ పుట్టించి, ఆ గ్యాస్ మాత్రమే కాయకు తగిలేలా చేయొచ్చు. ఇథిలిన్ పుట్టించే పౌడర్ పొట్లం వాడినా అది నేరుగా కాయకు ఆనకూడదు. చట్టం వరకు ఇంతే. బకెట్లో మందు కలిపి అరటి హస్తాలు ముంచి తీసేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి అది ఇవాళే మానేయండి.

ఇక అసలు విషయం. ఇథిలిన్ బయటినుంచి వచ్చే వింత పదార్థం కాదు. పక్వానికి వచ్చిన మామిడి, అరటి తమలో తామే దాన్ని తయారు చేసుకుంటాయి. మన పెద్దలు వరిగడ్డిలో వేసి మూత పెట్టినప్పుడు జరిగేది ఇదే. కాయ వదిలిన గ్యాస్ గడ్డిలో నిలిచి పక్క కాయకు తగులుతుంది, అది కూడా వదలడం మొదలుపెడుతుంది. ఇంటికి సరిపడా వంద కాయలకు ఆ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. రెండు టన్నులు వేస్తే అడుగున ఉన్నవి ఉడికిపోతాయి, పైనవి పచ్చిగా ఉంటాయి, మధ్యలో ముచ్చిక దగ్గర కుళ్లు మొదలవుతుంది. చాంబర్ చేసేది ఒక్కటే. అన్ని కాయలకూ ఒకేసారి, ఒకే వేడిలో ఆ మొదటి సంకేతం అందేలా చూస్తుంది. ఆ తరువాత పని కాయదే.

గ్యాస్ ఎక్కువేస్తే త్వరగా పండుతుందనే నమ్మకం మన మార్కెట్లో బాగా పాతుకుపోయింది. 100 పీపీఎం దగ్గర కాయ అందుకోగలిగినంత సంకేతం అందుకునేస్తుంది. 500 పీపీఎం పెట్టినా ఒక్క గంట కూడా ముందుకు జరగదు. వేగాన్ని నిర్ణయించేది గదిలో వేడి, కాయ పక్వం, గాలి. ఈ మూడూ సరిగా లేని చోట ఎన్ని పొట్లాలు పడేసినా ఒకటే.

పోయిన మే నెలలో ఒక వ్యాపారి కబురు పంపితే ఆయన షెడ్డుకి వెళ్లాను. జీ9 కాయ, మంచి లావు, డబ్బాల్లో పేర్చి మీద టార్పాలిన్ కప్పారు. ప్రతి డబ్బాలో పొట్లాలు ఉన్నాయి. మూడో రోజు. ఆయన ఒక కాయ చేతికిచ్చి, "చూడండన్నా, ఇంకా పచ్చగానే ఉంది. పౌడర్ డూప్లికేట్ అనుకుంటా, ఇంకో డోసు వేయమంటారా?" అన్నారు. కాయ నొక్కితే వేలు దిగబడింది. తొక్క ఒలిస్తే లోపల మెత్తగా, మధ్యలో కాస్త పులిసిన వాసన. గుజ్జులో గుచ్చే థర్మామీటర్ పెట్టి చూస్తే 34 డిగ్రీలు. లోపల పండిపోయింది, పైన రంగు తిరగలేదు. ఆయనకు అర్థమయ్యేలోగా అదే లోడు తొక్క పచ్చగా ఉండగానే జారిపోవడం మొదలుపెట్టింది.

దీనికి కారణం స్పష్టంగా తెలిసినదే. జీ9 కావెండిష్ జాతికి చెందిన అరటి. 24 డిగ్రీలు దాటితే ఈ జాతి తొక్కలోని పచ్చదనం సరిగా కరగదు. లోపల పిండి చక్కెరగా మారుతూనే ఉంటుంది, బయట మాత్రం పచ్చగా ఉండిపోతుంది. వ్యాపారి పచ్చదనం చూసి గ్యాస్ చాలలేదనుకుంటాడు, ఇంకాస్త వేస్తాడు, మూత బిగిస్తాడు, వేడి ఇంకా పెరుగుతుంది. 34 డిగ్రీల్లో మగ్గిన జీ9కి ఏ మందు వేసినా పసుపు రంగు రాదు. ఆ వ్యాపారి డోసు సరిపోయింది, పౌడర్ మంచిదే అయుండొచ్చు. షెడ్డు మీద రేకు వేడెక్కి లోడంతా పోయింది.

మామిడికి వేడి చేసే నష్టం ఇంకో రకం. బంగినపల్లి 20 నుంచి 22 డిగ్రీల మధ్య మగ్గితే తొక్క అంతటా ఒకే పసుపు వస్తుంది, గుజ్జు ముచ్చిక నుంచి అడుగు వరకు ఒకేలా మెత్తబడుతుంది. 27, 28 దగ్గర మచ్చలు మచ్చలుగా రంగు తిరుగుతుంది, రుచిలో ఒక ఘాటు వస్తుంది. 30 దాటితే మగ్గడమే దెబ్బతింటుంది, మరోవైపు బూజు తెగుళ్లు ఊపందుకుంటాయి. తోటలోనే కాయ మీద నిద్రాణంగా ఉన్న ఆంత్రాక్నోస్ నల్ల మచ్చలుగా బయటపడేది అప్పుడే. ముచ్చిక చుట్టూ గోధుమ రంగు వలయం కనిపిస్తే అది ముచ్చిక కుళ్లు. కొనేవాడు వాటిని చూసి "కెమికల్ మచ్చలు" అంటాడు. నిజానికి అవి బూజు మచ్చలు. కోసిన రోజే 52 డిగ్రీల వేడి నీటిలో 5 నుంచి 10 నిమిషాలు ఉంచి, ఆరబెట్టి, తరువాత చాంబర్లో పెడితే ఆంత్రాక్నోస్ చాలావరకు తగ్గుతుంది. నీటి వేడి చేతి అంచనాతో చూడకండి. 55 దాటి ఎక్కువసేపు ఉంటే తొక్క కాలుతుంది.

ఇప్పుడు ఒక చిన్న గదిని తీసుకుని లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే మన మార్కెట్లో ఎక్కువమందికి ఉన్నది అలాంటి గదే. పొడవు 10 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. అంటే వెయ్యి ఘనపుటడుగులు, సుమారు 28,300 లీటర్ల గాలి. అందులో 2 టన్నుల బంగినపల్లి, ప్లాస్టిక్ ట్రేల్లో, వరుసల మధ్య నాలుగు వేళ్ల సందు, గోడకు ఒక జానెడు ఎడం.

కాయ తోట నుంచి మధ్యాహ్నం వచ్చింది. గుజ్జు 38 డిగ్రీలు. దాన్ని 20కి దించాలి. 2 టన్నుల కాయలో ఉన్న ఆ వేడిని తోడేయడానికి ఒకటిన్నర టన్నుల ఏసీ ఇంకే పనీ లేకుండా పూర్తి బలంతో నడిచినా 7 గంటలు పడుతుంది. గోడల వేడి, తలుపు తీసినప్పుడు వచ్చే వేడి, కాయ ఊపిరి వేడి కలిపితే రాత్రంతా సరిపోదు. కాబట్టి ఆ గదికి రెండు ఏసీలు కావాలి, గోడలకు, కప్పుకు థర్మోకోల్ లేదా పఫ్ ప్యానెల్ ఉండాలి. వీలైతే కాయను తెల్లవారుజామున కోయించి, పొద్దెక్కకుండానే గదికి చేర్చాలి. కోసే సమయం మార్చుకుంటే కరెంటు బిల్లులో ఎంత తేడా వస్తుందో మీ గదిలోనే చూడొచ్చు.

గుజ్జులో థర్మామీటర్ గుచ్చి, మధ్య ట్రేలోని కాయ 22కి దిగాక మాత్రమే గ్యాస్ ఇవ్వండి. ఏసీ రిమోట్ మీద 20 అని కనిపించడం వేరు, మధ్య ట్రేలో కాయ 20కి రావడం వేరు. వేడిగా ఉన్నప్పుడే గ్యాస్ ఇస్తే లోపలి కాయలు ముందు పరుగెత్తుతాయి, గోడ పక్కవి వెనకబడతాయి. తరువాత ఎంత చల్లబరిచినా ఆ తేడా పోదు.

28,300 లీటర్ల గదికి 100 పీపీఎం అంటే 2.8 లీటర్ల ఇథిలిన్. బరువులో చూస్తే 3 గ్రాములు దాటి కాస్త. నమ్మడానికి కష్టంగా ఉంటుంది గానీ, రెండు టన్నుల మామిడికి అంతే చాలు. సిలిండర్ వాడేవాళ్లు నిమిషానికి ఒక లీటరు వచ్చేలా ఫ్లో మీటర్ పెట్టుకుంటే మూడు నిమిషాల్లోపే పని అయిపోతుంది. ఇథనాల్ నుంచి గ్యాస్ పుట్టించే జనరేటర్ వాడేవాళ్లు దాని డయల్‌ని గది కొలతకు తగ్గట్టు పెట్టుకోవాలి. పొట్లాలు వాడేవాళ్లు ప్యాకెట్ మీద రాసిన కిలోల లెక్కకు కట్టుబడి, కాయకు ఆనకుండా ట్రే పక్కన చిల్లుల డబ్బాలో పెట్టాలి.

మంటల భయం గురించి చాలామంది అడుగుతారు. ఇథిలిన్ గాలిలో 2.7 శాతం దాటితేనే పేలే స్థితి వస్తుంది. 100 పీపీఎం అంటే 0.01 శాతం, అంటే దానికి 270 రెట్లు తక్కువ. గదిలో సరైన డోసు ప్రమాదం కాదు. ప్రమాదం ఉన్నది సిలిండర్ వాల్వ్ కారినప్పుడు, కొలత లేకుండా గ్యాస్ వదిలినప్పుడు. అందుకే సిలిండర్‌ని గది బయట నిలబెట్టి గొలుసుతో కట్టండి, గదిలో బీడీ, అగరుబత్తి పెట్టనీయకండి. కొత్త గది పూజకు దీపం పెట్టాలంటే కాయ ఎక్కించకముందే పెట్టుకోండి.

తరువాత గాలి. ఇది పొట్లాల వాళ్లు పూర్తిగా మరిచిపోయే విషయం. కాయ ఊపిరి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ గ్యాస్ గదిలో 1 శాతం దాటితే ఇథిలిన్ పనిని అడ్డుకుంటుంది. మన 2 టన్నుల మామిడి 20 డిగ్రీల దగ్గర మొదట్లో గంటకు సుమారు 40 లీటర్లు వదులుతుంది. కాయలు ఆక్రమించిన చోటు పోగా గదిలో మిగిలిన గాలిలో 1 శాతం అంటే సుమారు 260 లీటర్లు. అంటే ఆరేడు గంటల్లో హద్దు చేరుకుంటుంది. పండటం ఊపందుకున్నాక రెండు మూడు గంటల్లోనే. అందుకే గ్యాస్ ఇచ్చిన తరువాత ప్రతి ఆరు గంటలకు తలుపు తీసి, ఎగ్జాస్ట్ వేసి, ఇరవై నిమిషాలు గాలి మార్చి, మళ్లీ మూసి అదే కొలతలో గ్యాస్ ఇవ్వాలి. 24 గంటలు పూర్తయ్యాక గ్యాస్ ఆపేయాలి. అక్కడినుంచి కాయ తన ఇథిలిన్ తానే తయారు చేసుకుంటుంది. ఇక ఉండాల్సింది చల్లదనం, తరచూ గాలి మార్పు. టార్పాలిన్ బిగించి మూడు రోజులు తెరవకుండా ఉంచడమంటే గ్యాస్ పెట్టి దాని నోరు మనమే మూయడం. గదిలోకి మనిషి వెళ్లేముందు కూడా తలుపు తీసి గాలి మార్చడం తప్పనిసరి. కార్బన్ డయాక్సైడ్ నిండిన గదిలో తల తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. పని కుర్రాళ్లకు ఈ మాట మొదటి రోజే చెప్పండి.

తేమ కూడా చూసుకోవాలి. ఇంటి ఏసీ చల్లబరుస్తూనే గాలిలోని తేమను లాగేస్తుంది. 90 శాతం దగ్గర ఉండాల్సిన తేమ 60కి పడిపోతే బంగినపల్లి తొక్క ముడతలు పడుతుంది, అరటి మెడ దగ్గర వాడిపోతుంది, తూకం కూడా తగ్గుతుంది. నేల తడిపి, గోడలకు తడి గోనెసంచులు వేలాడదీసినా చాలావరకు సర్దుబాటవుతుంది. సంచి నీళ్లు కాయ మీద కారకుండా చూసుకోండి.

ఇలా చేస్తే కనిపించేదేమిటి? మొదటి 24 గంటల తరువాత బంగినపల్లి ఆకుపచ్చ కాస్త మసకబారుతుంది, గట్టిదనం అలాగే ఉంటుంది. ఈ దశలో "ఏమీ కాలేదు" అనుకుని మళ్లీ గ్యాస్ ఇచ్చేవాళ్లున్నారు. అవసరం లేదు. రెండో రోజుకి ముచ్చిక దగ్గర మెత్తదనం, సన్నగా వాసన. నాలుగో రోజు, ఐదో రోజు మధ్య రంగు పూర్తిగా తిరుగుతుంది. అరటికి గది ఇంకాస్త చల్లగా, 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. గ్యాస్ 24 గంటలు. మూడో రోజుకి పచ్చలో పసుపు కనిపిస్తుంది, నాలుగో రోజుకి పసుపే ఎక్కువగా ఉంటుంది. చివర్లు పచ్చగా ఉండగానే దుకాణానికి పంపాలి. పూర్తిగా పసుపు తిరిగాక లారీ ఎక్కిస్తే ప్రతి కుదుపు మర్నాటికి నల్ల మచ్చగా తేలుతుంది. ఇంటి ఏసీతో మామిడి నెట్టుకురావొచ్చు గానీ, అరటికి 16 దగ్గర నిలకడగా ఉంచడానికి అసలు శీతల యంత్రమే కావాలి. చిన్న వ్యాపారులు అరటిని సొంతంగా మగ్గబెట్టడం మాని, చాంబర్‌కి కిలో లెక్కన ఇవ్వడమే మంచిదని నా అభిప్రాయం.

పక్వం గురించి ఒక్క మాట. మార్చి చివర్లో రేటు బాగుందని లేత బంగినపల్లి దించేస్తారు. ఆ కాయకు ఎంత శాస్త్రీయంగా ఇథిలిన్ పెట్టినా తొక్క పసుపు తిరుగుతుంది, లోపల తెల్లగా, పుల్లగా ఉంటుంది. ఎందుకంటే చక్కెరగా మారడానికి కాయలో పిండే తయారు కాలేదు. లోడులోంచి ఒక కాయను టెంక దాకా అడ్డంగా కోసి చూడండి. గుజ్జు తెల్లగా ఉంటే లేత కాయ. టెంక చుట్టూ లేత పసుపు తిరిగి, టెంక గట్టిపడి కత్తికి అడ్డుపడితే పక్వం. పైన చూస్తే ముచ్చిక పక్క భుజాలు ముచ్చిక కంటే ఎత్తుగా లేచి ఉండాలి. బకెట్ నీళ్లలో వేస్తే పక్వమైన కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. తూకం దగ్గర ఇద్దరు మనుషులకు ఇది చేయడానికి ఐదు నిమిషాలు పట్టదు. గ్యాస్ కాయ చప్పగా ఉందని జనం తిట్టే తిట్లలో చాలా భాగం ఈ లేత కాయలకు చెందాలి.

ఇక మగ్గిన తరువాత. మన దగ్గర అందరూ ఇక్కడే చేతులెత్తేస్తారు. నాలుగు రోజులు 20 డిగ్రీల్లో అపురూపంగా చూసుకున్న సరుకును ఐదో రోజు మధ్యాహ్నం 41 డిగ్రీల ఎండలో ఆటో ఎక్కిస్తారు. చల్లటి కాయ మీద బయటి తేమ నీటి చుక్కలుగా పేరుకుంటుంది, అట్టపెట్టె తడిసి మెత్తబడుతుంది, రెండో రోజుకి బూజు. దీనికి మందు సులువు. తెల్లవారుజామున దించండి. గది బయట నీడలో, గాలి ఆడే చోట మూడు నాలుగు గంటలు ఉంచి, కాయ చెమట ఆరాక పెట్టెలో వేయండి. పెట్టెకు చిల్లులు ఉండాలి.

వెంటనే అమ్ముడుపోని సరుకును చల్లగా నిల్వ చేయాలంటే ఎంత చల్లగా అన్నది ముఖ్యం. మగ్గిన మామిడిని 10 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచితే సుమారు వారం ఆగుతుంది. పచ్చి మామిడిని 12, 13 కంటే దిగువకు తీసుకెళ్లకూడదు. తీసుకెళితే తొక్క మీద గుంటలు, బూడిద రంగు మచ్చలు పడతాయి, ఆ తరువాత గ్యాస్ పెట్టినా సరిగా మగ్గదు. అరటికి 13 డిగ్రీలు హద్దు. అంతకంటే చలి తగిలితే పసుపు రంగు మెరుపు పోయి మసిపట్టినట్టు బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ దెబ్బ ఒక్క రాత్రిలోనే తగలొచ్చు, కనిపించేది మాత్రం కాయ బయటకు వచ్చాక. ఒకే కోల్డ్ స్టోరేజీలో బంగాళాదుంపలకు 4 డిగ్రీలు పెట్టి, అదే గదిలో అరటి డబ్బాలు దింపిన వ్యవహారం ఇక్కడ జరిగింది. కాయ గట్టిగా ఉంది గానీ నల్లగా అయింది. నష్టం రైతు ఖాతాలో రాశారు.

ఇంకో సంగతి. మగ్గే మామిడి, అరటి ఉన్న గదిలో ఆకుకూరలు, దోసకాయలు, మగ్గకూడని పచ్చి కాయ పెట్టకండి. పండు వదిలే ఇథిలిన్ వాటినీ వదలదు. కొత్తిమీర పసుపెక్కుతుంది, దోసకాయ మెత్తబడుతుంది, రేపటికి దాచుకున్న పచ్చి అరటి ఇవాళే తిరగడం మొదలుపెడుతుంది.

ఇవే సంగతులు కొనేవాళ్లకు కూడా చెప్పండి, దుకాణాల్లో ఒక కాగితం అంటించినా చాలు. కొన్న మామిడి ఇంకా గట్టిగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయట నీడలో ఉంచాలి. మెత్తబడ్డాక ఫ్రిజ్ కింది అరలో నాలుగు రోజులు ఆగుతుంది. తినే ముందు అరగంట బయట పెడితే వాసన తిరిగి వస్తుంది. అరటిని వేలాడదీసి, మిగతా పండ్లకు దూరంగా ఉంచాలి. పండిన అరటి ఫ్రిజ్‌లో తొక్క నల్లబడినా లోపల రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది. ఏ పండైనా కడిగి తినాలి.

ఇప్పుడు మార్కెట్ కమిటీ వారిని అడిగేవి చెబుతాను.

మొదటిది. తనిఖీకి వచ్చే సిబ్బందికి కార్బైడ్‌కి, ఇథిలిన్‌కి తేడా తెలిసేలా ఒక రోజు శిక్షణ ఇప్పించండి. కార్బైడ్ బూడిద రంగు రాళ్లలా ఉంటుంది, తడి తగిలితే బుసబుస పొంగుతుంది, వెల్లుల్లి వాసన కొడుతుంది, వాడాక తెల్లటి సున్నం పొడి మిగులుతుంది. ఈ తేడా తెలియక, నిబంధనల ప్రకారం ఇథిలిన్ వాడే వ్యాపారి పొట్లాలు పట్టుకుపోయి, పక్క షెడ్డులో గోనెసంచి కింద ఉన్న కార్బైడ్‌ని వదిలేసిన రోజు నా కళ్లారా చూశాను. అలా జరిగితే నిజాయితీగా ఇథిలిన్‌కి మారిన వాడు రేపు కార్బైడ్ దొంగతనంగా వాడటమే మేలు అనుకుంటాడు.

రెండోది. మార్కెట్ యార్డులోనే ఉమ్మడి చాంబర్లు కట్టండి. ఉద్యాన మిషన్ కింద రైపెనింగ్ చాంబర్లకు సబ్సిడీ ఉంది గానీ అది బ్యాంకు రుణంతో ముడిపడింది. ముందు పెట్టుబడి పెట్టుకోగలిగిన వాడికే అది అందుతుంది. రోజుకు నాలుగు ట్రేలు అమ్మే చిన్న వ్యాపారికి అందదు. యార్డులో 5 టన్నుల గదులు నాలుగు ఉండి, ట్రేకి ఇంత అని అద్దె వసూలు చేస్తే అతనికీ దారి దొరుకుతుంది. పెద్ద గది ఒక్కటి కట్టకండి. ఒకడి కాయ నాలుగో రోజులో ఉంటే ఇంకొకడి కాయ మొదటి రోజులో ఉంటుంది. ఒకే గదిలో ఇద్దరికీ న్యాయం జరగదు. ఇలా చెప్పడం వల్ల నా వ్యాపారం కాస్త తగ్గొచ్చు, అయినా చెబుతున్నాను.

మూడోది, కమిషన్ ఏజెంట్ల సంఘానికి. లేత కాయ లోడు వస్తే వేలం పాడకండి. తూకం దగ్గర ఒక కత్తి, ఒక నీళ్ల డ్రమ్ము, ఒక గుజ్జు థర్మామీటర్ పెట్టండి. థర్మామీటర్ ఖరీదు రెండు మూడు ట్రేల మామిడి కంటే ఎక్కువ ఉండదు. ప్రతి లోడు మగ్గబెట్టే గదిలోకి వెళ్లిన సమయం, గుజ్జు వేడి, గ్యాస్ ఇచ్చిన గంట, గాలి మార్చిన గంటలు ఒక నోటు పుస్తకంలో రాయించండి. లోడు పాడైనప్పుడు తప్పు రైతుదా, లారీదా, గదిదా అని గొడవపడే బదులు ఆ పుస్తకం తెరిస్తే తెలిసిపోతుంది.

రాబోయే సీజన్‌కి ముందు, అంటే మార్చి మొదటి వారంలోపు, ఈ పద్ధతిని నేర్చుకోవాలనుకునే వ్యాపారులు ఎవరైనా మధ్యాహ్నం రెండు తరువాత నా చాంబర్‌కి రావొచ్చు. ఒక లోడు లోపలికి వెళ్లడం నుంచి బయటికి రావడం వరకు ప్రతి దశలో గుజ్జు వేడి కొలిచి చూపిస్తాను. డబ్బు అక్కర్లేదు. కమిటీ వారు తేదీ చెబితే యార్డుకే వచ్చి చేసి చూపించడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
మీ మార్కెట్ పక్కన చాంబర్ నడిపే ఒక పండ్ల వ్యాపారి